నీరు 194 డిగ్రీల దగ్గర మరగాల్సింది

చాలా ఏళ్ళపాటు ఒక తప్పు జవాబుకి నేను పూర్తి మార్కులు వేశాను. ప్రశ్న ట్రౌటన్ నియమం మీద. ఒక మోల్ ద్రవం ఆవిరవడానికి కావలసిన గుప్తోష్ణాన్ని దాని మరుగు స్థానంతో భాగిస్తే వచ్చే బాష్పీభవన ఎంట్రోపీ మామూలు ద్రవాలన్నిటికీ దాదాపు ఒకటే, కెల్విన్‌కి సుమారు 87 జౌళ్ళు అంటుంది ఆ నియమం. ప్రశ్న ఇది: "నీరు, ఇథనాల్ ఈ నియమాన్ని ఎందుకు పాటించవు?" పిల్లలందరూ దాదాపు ఒకే వాక్యం రాసేవారు. "వాటిలో హైడ్రోజన్ బంధాలు ఉంటాయి, వాటిని తెంచడానికి ఎక్కువ శక్తి కావాలి, అందుకే బాష్పీభవన ఎంట్రోపీ ఎక్కువ." చదవగానే సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. రెండు మార్కులు వేసి పేజీ తిప్పేవాణ్ణి.

ఒకసారి క్లాసులో నేనే అదే వాక్యం చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. "సార్, శక్తి ఎక్కువ కావాలంటే అది మరిగే ఉష్ణోగ్రత కూడా ఎక్కువే కదా. పైనా పెరిగి, కిందా పెరిగితే భాగహారంలో తేడా ఎందుకొస్తుంది?" నేను ఏదో చెప్పి దాటేశాను. ఏం చెప్పానో గుర్తు లేదు కానీ, ఆ రోజు ఇంటికెళ్ళేదాకా ఆ ప్రశ్న వెంటాడింది. ఆ అమ్మాయి అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. బంధం గట్టిదైతే గుప్తోష్ణం పెరుగుతుంది, మరుగు స్థానమూ పెరుగుతుంది. ΔS = ΔH / T అన్నప్పుడు, రెండూ ఒకే వంతున పెరిగితే నియమం నిక్షేపంగా ఉంటుంది. నిజానికి ట్రౌటన్ నియమం చెప్పేదే అది: బంధాల బలం ఎంతైనా కానీ, ఆ నిష్పత్తి మారదు అని.

అంటే మనం చెప్పే కారణం నియమం ఎందుకు పనిచేస్తుందో చెప్పే కారణమే తప్ప, ఎందుకు తప్పుతుందో చెప్పే కారణం కాదు. ఈ వ్యాసంలో నా వాదన అదే. నీరు, ఆల్కహాల్ దారి తప్పడానికి హైడ్రోజన్ బంధం బలం కారణం కాదు. ఆ బంధం ద్రవంలో అణువుని ఒక పద్ధతిలో నిలబెట్టడమూ, ఆవిరిలోకి వెళ్ళేసరికి ఆ పట్టు పూర్తిగా వదిలిపోవడమూ కారణం. రెండూ జరగాలి. ఒకటే జరిగితే ఫలితం తలకిందులవుతుంది.

ముందు, 87 ఎక్కణ్ణుంచి వచ్చింది

1884లో ట్రౌటన్ దీన్ని ప్రకటించేటప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. అంతకు ముందే 1876లో పిక్టే ఇలాంటిదే గమనించాడు కానీ పేరు మాత్రం ట్రౌటన్‌కే దక్కింది. ఒక మోల్ ద్రవం తన మామూలు మరుగు స్థానం దగ్గర ఆవిరైతే పెరిగే ఎంట్రోపీ, కెల్విన్‌కి 85 నుంచి 88 జౌళ్ళ దాకా ఉంటుంది. బెంజీన్‌కి 87. కార్బన్ టెట్రాక్లోరైడ్‌కి 85. డైఇథైల్ ఈథర్‌కి 86. హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60 డిగ్రీల దగ్గర మరుగుతుంది, దానికీ 87. ఒకదానికొకటి పోలికే లేని ద్రవాలు ఇవి.

బెంజీన్‌ని తీసుకుని లెక్క వేద్దాం. 353 కెల్విన్ దగ్గర ఒక మోల్ ద్రవ బెంజీన్ సుమారు 96 మిల్లీలీటర్లు. అదే ఆవిరైతే, ఒక అట్మాస్ఫియర్ పీడనం దగ్గర, దాదాపు 29 లీటర్లు. అంటే అణువు తిరిగే జాగా మూడొందల రెట్లు పెరిగింది. R అంటే వాయు స్థిరాంకం అనుకుంటే, జాగా పెరిగినందుకు వచ్చే ఎంట్రోపీ R ln 300, అంటే సుమారు 47 జౌళ్ళు. మొత్తం 87లో సగం పైన ఇక్కడే తేలిపోయింది.

మిగతా 40 సంగతేమిటి? ద్రవంలో ఉన్న 96 మిల్లీలీటర్లూ అణువు తిరగడానికి ఖాళీగా లేవు. చాలా భాగం పక్క అణువులే ఆక్రమించుకుని ఉన్నాయి. కిక్కిరిసిన బస్సు ఎంత పొడవున్నా, నిలబడినవాడికి కదలడానికి దొరికేది జానెడు చోటే. 40 జౌళ్ళని వెనక్కి తిప్పి లెక్కేస్తే, ద్రవం ఘనపరిమాణంలో నూటికి ఒక వంతు కంటే కాస్త తక్కువే అణువుకి నిజంగా దక్కుతోందని వస్తుంది. గుండ్రంగా తిరగడంలో ఎదురయ్యే అడ్డంకిని కూడా ఈ లెక్కలోనే కలిపేశాను కాబట్టి దీన్ని మోటు అంచనాగానే తీసుకోవాలి.

ఇప్పుడు అన్నీ ఒకే అంకె ఎందుకు ఇస్తాయో అర్థమవుతుంది. ఆవిరి వైపు, ఒక అట్మాస్ఫియర్ దగ్గర ఒక మోల్ ఎంత చోటు తీసుకుంటుందన్నది ఉష్ణోగ్రత ఒక్కటే తేలుస్తుంది, అది ఏ పదార్థమన్నది కాదు. ద్రవం వైపు, ఏ ద్రవమైనా మరుగు స్థానానికి వచ్చేసరికి ఇంచుమించు ఒకే రకం ఇరుకులో ఉంటుంది. ఆపైన లాగరిథమ్ మిగిలిన తేడాలని నొక్కేస్తుంది. ఘనపరిమాణాల నిష్పత్తి 300 బదులు 350 అయితే మారేది ఒక్క జౌల్ పైచిలుకే. ఈ నియమం అంత బాగా పనిచేస్తున్నట్టు కనిపించడంలో ప్రకృతి గొప్పతనం కంటే లాగరిథమ్ చలవే ఎక్కువని నా అనుమానం.

ఆ చలవ కూడా అన్నిచోట్లా చాలదు. నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర మరుగుతుంది, అంత చల్లటి ఆవిరి తక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే దాని ఎంట్రోపీ 72 మాత్రమే. 1915లో హిల్డెబ్రాండ్ ఈ లోపాన్ని సరిచేశాడు: ద్రవాలని ఒకే పీడనం దగ్గర కాకుండా, ఆవిరి ఒకే సాంద్రతకి వచ్చే ఉష్ణోగ్రత దగ్గర పోల్చమన్నాడు. అలా పోలిస్తే మామూలు ద్రవాలు ఇంకా దగ్గరగా వస్తాయి. నీరు, ఆల్కహాల్ మాత్రం అప్పుడూ రావు. కాబట్టి వాటి తేడా పోల్చే పద్ధతిలోని లోపం కాదు.

నీటిని కాదు, ఇథనాల్‌ని చూడండి

అందరూ ఈ కథని నీటితోనే చెబుతారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. నీటి బాష్పీభవన ఎంట్రోపీ 109. మామూలు ద్రవాల కంటే 22 ఎక్కువ. దాన్నంతా హైడ్రోజన్ బంధాల ఖాతాలో రాసేస్తాం.

ఒకసారి పైన బెంజీన్‌కి వేసిన లెక్కే నీటికి వేసి చూశాక నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. నూరు డిగ్రీల దగ్గర ఒక మోల్ నీరు 19 మిల్లీలీటర్లే. ఆవిరి 30 లీటర్లు. నిష్పత్తి 1600. R ln 1600 అంటే 61. జాగా పెరగడం వల్లే 61 వచ్చేసింది, బెంజీన్‌కి వచ్చింది 47. అంటే నీటికున్న 22 మిగులులో 14 దాకా, అణువు బుల్లిది కాబట్టి ద్రవం తక్కువ చోటులో ఇమిడిపోవడం వల్ల వచ్చిందని ఎవరైనా వాదించవచ్చు. హైడ్రోజన్ బంధాలకి మిగిలేది 8.

ఈ వాదనకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మోల్ నీరు అంత తక్కువ చోటులో ఇమడటంలో అణువు సైజుకి ఎంత వాటా, దగ్గరికి లాగే బంధాలకి ఎంత వాటా అన్నది ఈ లెక్కతో విడదీయలేం. అందుకే నీరు మంచి సాక్షి కాదంటాను. రెండు సంగతులు కలగాపులగమైపోయిన కేసు అది.

కల్తీ లేని కేసు కావాలంటే ఇథనాల్‌నీ, డైమిథైల్ ఈథర్‌నీ పక్కపక్కన పెట్టాలి. రెండిటిలోనూ అవే పరమాణువులు: రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. బరువూ ఒకటే. మరుగు స్థానం దగ్గర ద్రవం తీసుకునే చోటు కూడా రెండిటికీ సుమారు 62 మిల్లీలీటర్లే. ఒక్కటే తేడా: ఇథనాల్‌లో ఒక హైడ్రోజన్ ఆక్సిజన్‌కి తగులుకుని ఉంది, ఈథర్‌లో ఆక్సిజన్‌కి రెండు వైపులా కార్బన్లే. అందుకని ఈథర్ అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధాలు కట్టుకోలేవు.

డైమిథైల్ ఈథర్ 248 కెల్విన్ దగ్గర మరుగుతుంది, గుప్తోష్ణం 21.5 కిలోజౌళ్ళు. భాగిస్తే 87. బుద్ధిగా నియమం పాటించింది. ఇథనాల్ 351 కెల్విన్ దగ్గర మరుగుతుంది, గుప్తోష్ణం 38.6. భాగిస్తే 110. ఉష్ణోగ్రత నూటికి 42 వంతులు పెరిగితే గుప్తోష్ణం 80 వంతులు పెరిగింది. వెనక బెంచీ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇక్కడ అంకెల్లో కనిపిస్తుంది. పైదీ పెరిగింది, కిందదీ పెరిగింది, కానీ ఒకే వంతున పెరగలేదు.

ఆవిరి వైపు తేడా ఎంతో తీసేద్దాం. ఇథనాల్ ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది కాబట్టి దాని ఆవిరికి కాస్త ఎక్కువ చోటు దొరుకుతుంది. దానికి 3 జౌళ్ళు పోతాయి. మొత్తం 23లో ఇంకా 20 మిగిలింది. ఉష్ణోగ్రతలు వేరు కాబట్టి ఇంకో ఒకటి రెండు జౌళ్ళు అటూ ఇటూ కావచ్చు, 20 మాత్రం అలా మాయమయ్యేది కాదు.

ఆ 20 జౌళ్ళకి అర్థం ఏమిటి? దాన్ని R తో భాగించి, ఘాతం చేస్తే 11 వస్తుంది. ఈథర్ అణువుకి ద్రవంలో నిలబడటానికి, తిరగడానికి పదకొండు తీరులు ఉంటే, ఇథనాల్ అణువుకి ఒక్క తీరే ఉందన్నమాట. దాని ఓహెచ్ కొస పక్క అణువు ఆక్సిజన్ వైపే చూడాలి. తన ఆక్సిజన్ వైపు ఇంకొకటి చూస్తూ ఉంటుంది. చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడ్డ వరుసలో ఒకడు ఒంటరిగా గిర్రున తిరగలేడు. ఆవిరిలోకి వెళ్ళగానే ఆ చేతులన్నీ విడిపోతాయి. ఈథర్‌కి దొరకని ఆ అదనపు స్వేచ్ఛ విలువే 20 జౌళ్ళు.

బంధాలు మరుగు స్థానాన్ని పెంచాయా, తగ్గించాయా

ఇక్కడే నాకు బాగా నచ్చిన మలుపు ఉంది. T = ΔH / ΔS అని రాసుకోండి. నీటి గుప్తోష్ణం 40.65 కిలోజౌళ్ళు. నీరు మామూలు ద్రవంలా 87 మాత్రమే పాటించి ఉంటే, అదే గుప్తోష్ణంతో 467 కెల్విన్ దగ్గర, అంటే 194 డిగ్రీల దగ్గర మరగాలి. నిజంగా మరిగేది 100 దగ్గర. ఇథనాల్ అయితే 170 దగ్గర మరగాల్సింది, 78 దగ్గరే మరుగుతోంది.

"హైడ్రోజన్ బంధాల వల్ల నీటి మరుగు స్థానం ఎక్కువ" అని మనం చెప్పేది సగమే. బంధాల శక్తి మరుగు స్థానాన్ని చాలా పైకి నెట్టింది. బంధాలు పెట్టిన క్రమశిక్షణ అందులో పెద్ద భాగాన్ని కిందికి లాగేసింది. ద్రవంలో బిగుసుకుని ఉన్నవాడికి బయట దొరికే స్వేచ్ఛ అంత ఎక్కువ కాబట్టి, తక్కువ వేడికే బయటపడతాడు. మనం చూసే 100 ఆ రెండిటి పెనుగులాటలో తేలిన అంకె. 194 డిగ్రీలు ఊహే, శక్తిని ఉంచి క్రమాన్ని తీసేసిన నీరు ఎక్కడా ఉండదు. కానీ బంధం బలం, బంధం పెట్టే క్రమం వేర్వేరు పనులు చేస్తాయని చూపడానికి ఇంతకంటే తేలిక దారి నాకు దొరకలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వచ్చింది కూడా. ఇది చెప్పినప్పుడు తోటి లెక్చరర్ ఒకాయన అడిగారు: "నూరు డిగ్రీల దగ్గర నీటిలో ఇంకా బంధాలు ఎక్కడున్నాయండీ? మంచు కరిగినప్పుడే సగం పోయుంటాయి, వేడెక్కేసరికి మిగతావీ పోయుంటాయి." అడగాల్సిన ప్రశ్నే. లెక్క చూడండి. ఒక మోల్ మంచు కరగడానికి పట్టేది 6 కిలోజౌళ్ళు. ఆ నీరు సున్నా నుంచి నూరు డిగ్రీలకి రావడానికి ఇంకో ఏడున్నర. రెండూ కలిపి పదమూడున్నర. ఆ పదమూడున్నరలో కొంత బంధాలని తెంచడానికి కాక అణువుల కదలికకే పోతుంది. ఇదంతా అయ్యాక కూడా ఆవిరి చెయ్యడానికి ఇంకా 40 పైన కావాలి. బంధాలన్నీ అప్పటికే తెగిపోయి ఉంటే ఆ 40 అవసరం ఉండేది కాదు. హైడ్రోజన్ బంధాలు లేని హైడ్రోజన్ సల్ఫైడ్‌కి 19 కిలోజౌళ్ళ లోపే సరిపోతుంది.

అయితే ఆయన మాటలో ఒక హెచ్చరిక ఉంది, అది తీసుకున్నాను. "క్రమం" అనగానే మంచులోని చట్రం కళ్ళముందుకి వస్తుంది. మరిగే నీటిలో అలాంటి చట్రం లేదు. బంధాలు క్షణక్షణానికీ తెగుతూ, కొత్తవాళ్ళతో కలుస్తూ ఉంటాయి. ఏ క్షణంలో చూసినా అణువు ఎవరో ఒకరి వైపు తిరిగి ఉంటుంది, అంతే. ఎంట్రోపీ లెక్కకి ఆ పాటి పట్టు చాలు.

ఎసిటిక్ ఆమ్లం అడ్డం తిరిగిన చోటు

హైడ్రోజన్ బంధం ఉంటే ఎంట్రోపీ ఎక్కువ అన్నదే నిజమైతే, ఎసిటిక్ ఆమ్లానికి కూడా ఎక్కువ ఉండాలి. దాని హైడ్రోజన్ బంధాలు గట్టివే. కానీ దాని అంకె 61. నీటి వైపు కాదు, సరిగ్గా ఎదురు వైపు తప్పింది. జవాబు పత్రాల్లోని ఆ వాక్యం ఇక్కడ కుప్పకూలుతుంది.

ఎసిటిక్ ఆమ్లం అణువులు రెండేసి ఎదురెదురుగా నిలబడి రెండు హైడ్రోజన్ బంధాలతో జతకడతాయి. ఆ జత ఎంత గట్టిదంటే 118 డిగ్రీల దగ్గర ఆవిరిలోకి వెళ్ళినా చాలావరకు విడిపోదు. ఇది ఊహ కాదు, ఆవిరి సాంద్రత కొలిస్తే తెలిసిపోతుంది. ఒంటరి అణువులైతే మోలార్ ద్రవ్యరాశి 60 రావాలి, అన్నీ జతలే అయితే 120. మరుగు స్థానం దగ్గర కొలిస్తే 90 దాటుతుంది.

దీంతో రెండు పనులు అవుతాయి. బంధాలు తెగలేదు కాబట్టి గుప్తోష్ణం 23.7 కిలోజౌళ్ళే. 60 గ్రాముల ఆమ్లం ఆవిరైనా ఆవిరిలో విడిగా తిరిగే రేణువులు ఒక మోల్ లేవు, మూడింట రెండొంతుల లోపే ఉన్నాయి. మనం మాత్రం ఒక మోల్ అనుకుని భాగిస్తున్నాం. ఆవిరిలో నిజంగా ఉన్న రేణువుల మోల్‌కి లెక్క మార్చి చూడండి: 61 కాస్తా 90 దాటుతుంది. నియమం పక్కకి వచ్చేస్తుంది. ఎసిటిక్ ఆమ్లం నియమాన్ని ఉల్లంఘించిన దానికంటే మనం తలలు తప్పుగా లెక్కపెట్టిందే ఎక్కువ.

బంధం ద్రవంలో ఉందా అన్నది ఒక్కటే అడిగితే నీరు, ఆమ్లం ఒకే గూటివి. ఆవిరిలోకి వెళ్ళాక ఏమైంది అని కూడా అడిగితేనే విడిపోతాయి.

కండెన్సర్ కథ

ద్రావకాలని మరిగించి తిరిగి పట్టే పనిలో ఉన్న మిత్రుడు ఒకడు నాకు ఉన్నాడు. వాడు ఒకప్పుడు ఇథనాల్‌కి కండెన్సర్ సైజు లెక్కేస్తూ, గుప్తోష్ణం చేతికి దొరక్క, మరుగు స్థానాన్ని 88 తో గుణించేశాడు. మోల్‌కి 31 కిలోజౌళ్ళు వచ్చింది. ఉండాల్సింది 38.6. ఐదో వంతు తక్కువ పడింది. ఆవిరి పూర్తిగా చల్లబడక, వెంట్ గొట్టం లోంచి స్పిరిట్ వాసన కొడుతుంటే అప్పుడు అర్థమైందట. "నీ నియమం నన్ను ముంచిందిరా" అన్నాడు. ఆ నియమం ఆల్కహాల్‌కి వాడకూడదని పాఠంలోనే ఉంటుందిరా అన్నాను.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఫోన్. ఈసారి ఎసిటిక్ ఆమ్లం. "దానికీ హైడ్రోజన్ బంధాలు ఉన్నాయి కదా, ఈసారి జాగ్రత్తపడి 110 తో గుణించాను. మోల్‌కి 43 కిలోజౌళ్ళు. సరేనా?" అసలు అంకె 23.7 అని చెబితే కాసేపు మాట్లాడలేదు. కొనబోయే కండెన్సర్‌ని దాదాపు రెండింతలు చేసేశాడు. తప్పు వాడిది కాదు. నా క్లాసులో చదువుకోకపోయినా, నేను మార్కులు వేసిన ఆ వాక్యాన్నే వాడూ నేర్చుకున్నాడు.

"మరి ఫార్మిక్ ఆమ్లం వస్తే ఏం చెయ్యమంటావు?" అన్నాడు. పట్టిక తెరిచి చదివి వినిపించాను. మరిగేది 101 డిగ్రీల దగ్గర, నీటికి ఒక్క డిగ్రీ అటు. నీటి ఎంట్రోపీ 109. దానిది 61.